మహర్, తలాఖ్, వాటా: ముదిగుబ్బలో ఒక ఇంటి లెక్క

వారసత్వం మీద చేసిన వీడియోలో వాటాల భిన్నాలు చెప్పాను గానీ, ఒక నిజమైన ఇంట్లో ఆ లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పడానికి టైమ్ సరిపోలేదు. ఆ మిగిలిన భాగం ఇక్కడ నిదానంగా రాస్తున్నా. నేను ఆలిమ్‌ని కాదు, వకీలునీ కాదు. ఇంజినీరింగ్ చదివి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నవాణ్ణి, ఊరు ముదిగుబ్బ. ఈ విషయం కొన్నేళ్లుగా చదువుతున్నా, మా బంధువుల్లో రెండు మూడు ఇళ్ల లెక్కలు దగ్గరుండి వేశాను. అందులో నాకు అర్థమైన ముఖ్యమైన మాట ఒకటే: వాటాల్లో గొడవ వచ్చేది భిన్నాల దగ్గర కాదు, వరుస దగ్గర. ముందు అడగాల్సిన ప్రశ్న ముందు అడగకపోతే లెక్క ఎంత కరెక్టుగా వేసినా జవాబు తప్పే.

ఆ వరుస ఇది. చనిపోయిన రోజుకి భార్య ఎవరు? ఆయన మీద అప్పులు ఏమున్నాయి, అందులో మహర్ ఎంత? వసియ్యత్ ఏమైనా చేశారా? ఈ మూడూ తేలాకే వాటాలు. ఖుర్ఆన్‌లో వారసత్వ వాటాలు చెప్పిన సూరా నిసా 11, 12 ఆయతుల్లోనే, ఈ పంపకం వసియ్యత్, అప్పు తీరిన తర్వాతే అని మళ్లీ మళ్లీ వస్తుంది.

ఒక కుటుంబాన్ని తీసుకుందాం. ఇది ఏ ఒక్కరి ఇల్లూ కాదు, మన వైపు ఇళ్లలో కనిపించే చిక్కులన్నీ ఒకచోట చేర్చి నేను అల్లుకున్న ఉదాహరణ.

ఇంట్లో ఎవరెవరు

ముదిగుబ్బ దగ్గర ఒక పల్లెలో వేరుశెనగ వేసుకునే రైతు. 58 ఏళ్లకి, 2024 మార్చిలో చనిపోయాడు. మొదటి భార్య ఆయన కంటే ముందే చనిపోయింది, ఆమె మహర్ ఎప్పుడో ఇచ్చేశాడు. ఆమెతో ముగ్గురు కొడుకులు, ఒక కూతురు. ముగ్గురిలో నడిపి కొడుకు తండ్రి బతికుండగానే యాక్సిడెంట్‌లో పోయాడు, అతనికి ఒక చిన్న కొడుకున్నాడు. అంటే మిగిలింది ఇద్దరు కొడుకులు, ఒక కూతురు, ఒక మనవడు. కూతురిని ధర్మవరంలో ఇచ్చారు. రైతు తల్లి బతికే ఉంది, తండ్రి లేడు. ఒక తమ్ముడున్నాడు.

2012లో ఆయన రెండో నికాహ్ చేసుకున్నాడు. ఆమెకి పిల్లలు లేరు. 2021లో ఒక రోజు గొడవలో, కోపంలో, అందరి ముందు తలాఖ్ తలాఖ్ తలాఖ్ అని మూడుసార్లు అనేశాడు. ఆమె కదిరిలో పుట్టింటికి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. కోర్టు లేదు, కాగితం లేదు.

ఆస్తి: 5 ఎకరాల భూమి, ఎకరా 6 లక్షల లెక్కన 30 లక్షలు. ఇల్లు 16 లక్షలు. బ్యాంకులో డబ్బు, ఎద్దులు, గొర్రెలు కలిపి 8 లక్షలు. మొత్తం 54 లక్షలు.

నలభయ్యో రోజు దాటాక పెద్దలు కూర్చున్నారు. "ఆమెకి ఎప్పుడో తలాఖ్ అయిపోయింది, పైగా తనంతట తానే ఇల్లు వదిలింది, కాబట్టి ఆమెకి ఏమీ రాదు. కూతురికి పెళ్లి ఘనంగా చేశాం, మనవడికి వాళ్ల నాన్న లేడు కాబట్టి హక్కు లేదు. ఇద్దరు కొడుకులూ చెరి సగం" అన్నారు. ఈ నాలుగు వాక్యాల్లో సగం నిజం, సగం అబద్ధం కలిసిపోయి ఉన్నాయి. ఒక్కొక్కటీ విడదీద్దాం.

మొదటి ప్రశ్న: చనిపోయిన రోజుకి ఆమె భార్యేనా?

తలాఖ్ అనేది ఒకే పద్ధతి కాదు. ఏ పద్ధతిలో ఇచ్చాడన్నదాన్ని బట్టి ఆమె వారసురాలా కాదా అన్నది మారుతుంది.

అన్నిటికంటే మంచిదని ఫిఖ్హ్ పుస్తకాలు చెప్పేది తలాఖె అహ్సన్. భార్య నెలసరి నుంచి శుభ్రంగా ఉన్న రోజుల్లో, ఆ శుభ్రత మొదలయ్యాక ఆమెని కలవకుండా, ఒక్కసారి తలాఖ్ చెప్పి ఆగిపోవాలి. అక్కడి నుంచి మూడు నెలసర్లు ఇద్దత్. నెలసరి ఆగిపోయిన ఆమెకి మూడు చాంద్రమాన నెలలు. ఈ గడువులో భర్త మనసు మార్చుకుని వెనక్కి తీసుకోవచ్చు. రెండోది తలాఖె హసన్. మూడు వరుస శుభ్రతల్లో నెలకొకసారి చొప్పున మూడుసార్లు చెప్పడం. మొదటి రెండిటి తర్వాత వెనక్కి రావచ్చు, మూడోది చెప్పాక రాలేరు.

ఇప్పుడు వారసత్వానికి దీని లంకె చూడండి. వెనక్కి తీసుకోగలిగే తలాఖ్ చెప్పి, ఇద్దత్ పూర్తి కాకముందే భర్త చనిపోతే, ఆమె ఇంకా భార్య కిందే లెక్క, ఆమెకి వాటా వస్తుంది. ఇద్దత్ పూర్తయ్యాక చనిపోతే ఆమె వారసురాలు కాదు, ఆమెకి రావాల్సింది మిగిలిన మహర్ మాత్రమే. ఇంకో మాట ఉంది. చావు మంచం మీద ఉన్నవాడు భార్యకి వాటా పోవాలని వెనక్కి తీసుకోలేని తలాఖ్ చెప్పి, ఆమె ఇద్దత్‌లో ఉండగానే చనిపోతే, హనఫీ ఫిఖ్హ్ ఆమె వాటాని తీసెయ్యదు. ఎందుకంటే ఆ తలాఖ్ వెనక ఉద్దేశం అందరికీ కనిపిస్తోంది.

మన ఉదాహరణలో జరిగింది మూడోది, తలాఖె బిద్దత్. ఒకే మాటలో మూడు. దీని గురించి ఉలమాల్లో పాత భేదం ఉంది. హనఫీలు అది పాపమే గానీ పడిపోతుందని చెప్తూ వచ్చారు. అహ్లె హదీస్ వాళ్లు ఒక కూర్చోడంలో చెప్పిన మూడింటినీ ఒక్కటిగానే లెక్కపెడతారు. కానీ 2021 నాటికి మన దేశంలో చట్టం స్పష్టంగా ఉంది. 2017 ఆగస్టు 22న షాయరా బానో కేసులో సుప్రీంకోర్టు ఈ పద్ధతిని కొట్టేసింది. తర్వాత 2019లో వచ్చిన ముస్లిం మహిళల వివాహ హక్కుల రక్షణ చట్టం, 2018 సెప్టెంబర్ 19 నుంచే వర్తించేలా, ఇలాంటి తలాఖ్ నోటితో చెప్పినా, రాసినా, ఫోన్ మెసేజ్‌లో పంపినా చెల్లదు అని రాసింది. అలా చెప్పిన భర్తకి మూడేళ్ల వరకూ జైలు కూడా పడొచ్చు. ఆ చట్టంలో ఉన్న మాట "చెల్లదు" అనే, "ఒకటిగా లెక్కపెట్టాలి" అని కాదు. కాబట్టి కోర్టు దృష్టిలో 2021లో ఆ ఇంట్లో ఏ తలాఖూ జరగలేదు.

"మరి తనంతట తానే వెళ్లింది కదా, అది ఖులా కాదా?" అని పెద్దలు అడుగుతారు. ఖులా అంటే భార్య తానుగా విడిపోవాలని అడగడం, సాధారణంగా మహర్ వదులుకుని. పుట్టింట్లో ఉండటం ఖులా కాదు. 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు, ఖులా అడగడం భార్య సొంత హక్కు, దానికి భర్త ఒప్పుకోలు అక్కర్లేదు అని తీర్పిచ్చింది. అది ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు కాదు గానీ మన వైపు కేసుల్లో కూడా చూపించుకోవచ్చు. అయితే ఆ తీర్పు ప్రకారం చూసినా ఖులా మొదలవ్వాల్సింది ఆమె నోటి నుంచే. ఈమె ఎప్పుడూ అడగలేదు. విడిగా బతకడం వల్ల నికాహ్ తెగదు, మూడేళ్లయినా, పదేళ్లయినా.

ఒకవేళ కొడుకులు "కాదు, మా నాన్న తర్వాత పద్ధతి ప్రకారం తలాఖ్ ఇచ్చాడు" అంటే, అది వాళ్లే రుజువు చెయ్యాలి. 2002లో షమీమ్ ఆరా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: తలాఖ్ చెప్పినట్టు సాక్ష్యం ఉండాలి, దానికి సరైన కారణం ఉండాలి, అంతకు ముందు ఇరువైపుల నుంచి ఒక్కో పెద్దమనిషి కూర్చుని కలపడానికి ప్రయత్నించి ఉండాలి. సూరా నిసా 35వ ఆయతులో చెప్పిన పద్ధతే అది. తర్వాత ఎప్పుడో కాగితంలో "ఇచ్చేశాను" అని రాసుకుంటే సరిపోదు.

మొదటి ప్రశ్నకి జవాబు తేలింది. ఆమె భార్యే. భర్త పోయాక నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ గడపాల్సింది కూడా ఆమే.

రెండో ప్రశ్న: మహర్ ఎంత బాకీ?

నికాహ్‌నామా తీసి చూస్తే మహర్ 1,25,000 రూపాయలు అని ఉంది. అందులో 25,000 అప్పుడే ఇచ్చారు, లక్ష మిగిలింది. ఇంట్లో దీన్ని నగద్, ఉధార్ అంటాం. కాగితంలో ఉర్దూలో రెండు పదాలుంటాయి. అడిగిన వెంటనే ఇవ్వాల్సింది ముఅజ్జల్, తర్వాత ఇవ్వాల్సింది మువజ్జల్. వినడానికి దాదాపు ఒకేలా ఉంటాయి, రాతలో తేడా ఒక్క అక్షరమే. ఒకచోట "ఐన్", ఇంకోచోట "వావ్" మీద హమ్జా. చేతిరాతలో ఈ ఒక్క అక్షరం కలిసిపోతే ఏది బాకీనో, ఎప్పుడు ఇవ్వాలో తెలియక గొడవ. అందుకే మీ ఇంట్లో నికాహ్ రాసేటప్పుడు ఆ పదం పక్కన "ఇచ్చాం", "ఇవ్వాలి" అని తెలుగులో మొత్తంతో సహా రాయించండి. ఖాజీ గారు కాదనరు.

మువజ్జల్ మహర్ ఎప్పుడు చెల్లించాలి? తలాఖ్ అయినప్పుడు, లేదా ఇద్దరిలో ఒకరు చనిపోయినప్పుడు. భర్త చనిపోతే అది ఆయన మీద అప్పు. బ్యాంకు అప్పు లాంటి అప్పే. వాటాలు వేసే ముందు తీసి పక్కన పెట్టాలి. భార్యకి వచ్చే వాటాలో నుంచి దాన్ని మినహాయించుకోకూడదు. ఎందుకంటే మహర్ ఆమె హక్కు పెళ్లి వల్ల వచ్చింది, వాటా ఆమె హక్కు చావు వల్ల వచ్చింది. ఒకటి ఇచ్చి రెండోది ఇచ్చినట్టు రాసుకోవడం చాలా ఇళ్లలో జరిగే తప్పు.

ఇంకో తప్పు జనాజా దగ్గర జరుగుతుంది. మయ్యత్ ఇంకా ఇంట్లోనే ఉంటుంది. మరిది వచ్చి, "భాభీ, భయ్యా మీద ఏ బరువూ ఉండకూడదు, మహర్ మాఫ్ చేశానని ఒక్క మాట అనండి" అంటాడు. చుట్టూ ఆడవాళ్లు ఏడుస్తుంటారు. ఆ క్షణంలో కాదనే ధైర్యం ఏ భార్యకి ఉంటుంది? మహర్‌ని మనస్ఫూర్తిగా వదులుకునే హక్కు భార్యకి ఉంది, సూరా నిసా 4వ ఆయతులో ఆ మాట ఉంది గానీ, ఇష్టపూర్వకంగా అన్న షరతుతోనే. భర్త శవం పక్కన దుఃఖంలో, ఒత్తిడిలో అన్న "మాఫ్" అనే మాటని స్వేచ్ఛగా ఇచ్చిన ఒప్పుకోలు కింద మన కోర్టులు తీసుకోలేదు. 1920లోనే కలకత్తా హైకోర్టు అలా తీర్పిచ్చింది. పోయిన మనిషి మీద బరువు దించాలంటే దారి సులువే: ఆయన ఆస్తిలో నుంచే ఆ లక్ష ఇచ్చెయ్యడం.

మహర్ ఇవ్వకపోతే భార్య ఏం చెయ్యగలదు? భర్త ఆస్తి ఆమె స్వాధీనంలో న్యాయంగా ఉంటే, దౌర్జన్యం, మోసం లేకుండా ఉంటే, మహర్ తీరేదాకా దాన్ని వదలకుండా పట్టుకోవచ్చు. 1925లో మైనా బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ ఈ హక్కుని ఒప్పుకుంది, కానీ హద్దు కూడా పెట్టింది. ఆమె పట్టుకోగలదు గానీ అమ్మలేదు, ఎవరికీ రాసివ్వలేదు. మన హైదరాబాద్ నుంచి వెళ్లిన కపూర్ చంద్ కేసులో 1950లో సుప్రీంకోర్టు ఇంకో హద్దు చెప్పింది. మహర్ మామూలు అప్పుల్లో ఒకటి, మిగతా మామూలు అప్పులవాళ్ల కంటే ముందు నాకే ఇవ్వాలని భార్య అడగలేదు. భూమి తాకట్టు పెట్టుకున్న బ్యాంకు మాత్రం ముందే ఉంటుంది.

మన ఉదాహరణలో ఆమె కదిరిలో ఉంది, ఇల్లూ భూమీ కొడుకుల చేతిలో ఉన్నాయి. కాబట్టి పట్టుకునే హక్కు ఆమెకి ఉపయోగపడదు. అడగాలి, ఇవ్వకపోతే దావా వెయ్యాలి. దానికి గడువు చావు నుంచి మూడేళ్లు. 2024 మార్చిలో చనిపోయాడు కాబట్టి 2027 మార్చి లోపు. ఈ తేదీ దాటితే దీన్ ప్రకారం అప్పు అప్పుగానే ఉంటుంది గానీ, కోర్టు ద్వారా వసూలు చేసే దారి మూసుకుపోతుంది.

అప్పుల లెక్క: కఫన్, దఫన్ ఖర్చు 40,000. పంట లోను 2,60,000. మహర్ 1,00,000. మొత్తం 4 లక్షలు. 54లో 4 పోతే 50 లక్షలు.

మూడో ప్రశ్న: మనవడికి ఏమైనా ఉందా?

ఇక్కడ పెద్దలు చెప్పింది నిజం. మన దేశంలో సున్నీలని కోర్టులు మామూలుగా హనఫీలుగానే లెక్కపెడతాయి. హనఫీ లెక్కలో కొడుకు బతికి ఉండగా, చనిపోయిన కొడుకు బిడ్డకి వాటా రాదు. చనిపోయిన తండ్రి స్థానంలో మనవడు నిలబడే పద్ధతి, హిందూ వారసత్వ చట్టంలో ఉన్నట్టు, ఇందులో లేదు. వినడానికి కష్టంగా ఉంటుంది. కానీ వసియ్యత్ అనే తలుపు ఉన్నది ఇలాంటి వాళ్ల కోసమే. వారసుడు కాని మనిషికి, ఆస్తిలో మూడో వంతు వరకు రాసివ్వొచ్చు. మనవడు వారసుడు కాడు కాబట్టే వసియ్యత్‌కి అర్హుడు.

ఆ రైతు బతికుండగా ఒక కాగితం మీద, ఇద్దరు సాక్షుల ముందు, మనవడి చదువుకి 2 లక్షలు అని రాసి సంతకం పెట్టాడనుకుందాం. ముస్లిం వసియ్యత్‌కి ప్రత్యేకమైన ఫారం అక్కర్లేదు, నోటితో చెప్పినా చెల్లుతుంది. కానీ నోటి మాటని రుజువు చెయ్యడం చాలా కష్టం, అందుకే కాగితం. 50 లక్షల్లో మూడో వంతు 16 లక్షల పైనే, కాబట్టి 2 లక్షలు హద్దులోనే ఉంది. నిజానికి ఆయన ఇంకా ఇచ్చి ఉండొచ్చు. అదే వసియ్యత్ పెద్ద కొడుకు పేరున రాసి ఉంటే, అతను ఇప్పటికే వారసుడు కాబట్టి, తండ్రి పోయాక మిగతా వారసులు ఒప్పుకుంటే తప్ప చెల్లదు.

50లో 2 పోతే 48 లక్షలు. ఇప్పుడు, ఇక్కడికి వచ్చాకే, వాటాలు.

నాలుగో ప్రశ్న: వాటాలు

భార్యకి: భర్తకి పిల్లలు లేకపోతే నాలుగో వంతు, ఉంటే ఎనిమిదో వంతు. ఈమెకి పిల్లలు లేరు కదా, నాలుగో వంతు రాదా అని అడగొచ్చు. చూడాల్సింది ఆమె పిల్లల్ని కాదు, చనిపోయిన ఆయన పిల్లల్ని. మొదటి భార్య పిల్లలున్నారు కాబట్టి ఎనిమిదో వంతు. 48లో 6 లక్షలు. ఇద్దరు భార్యలు బతికుంటే ఇదే ఎనిమిదో వంతుని చెరి సగం తీసుకుంటారు.

తల్లికి: కొడుక్కి పిల్లలున్నారు కాబట్టి ఆరో వంతు. 8 లక్షలు. పెద్దల లెక్కలో ఈ ముసలమ్మ పేరే రాలేదు, చూశారా? ఈ వాటా అందరూ మర్చిపోతారు, ఎలాగూ కొడుకుల దగ్గరే తింటుంది కదా అని.

మిగిలింది 34 లక్షలు. ఇది కొడుకులు, కూతురు కలిసి పంచుకుంటారు, కొడుక్కి రెండు, కూతురికి ఒకటి. రెండు, రెండు, ఒకటి, మొత్తం ఐదు భాగాలు. ఒక్క భాగం 6,80,000. కూతురికి 6,80,000. ఒక్కో కొడుక్కి 13,60,000.

కూడి చూడండి: 6, 8, 6.8, 13.6, 13.6. మొత్తం 48. కూడిక సరిపోకపోతే ఎక్కడో వారసుణ్ణి వదిలేశామనో, లేనివాళ్లని కలిపామనో అర్థం.

తమ్ముడికి? కొడుకులు ఉన్నారు కాబట్టి ఏమీ రాదు. కానీ ఇదే ఇంట్లో కొడుకులూ మనవడూ ఎవరూ లేకుండా ఒక్క కూతురే ఉంటే లెక్క మారిపోతుంది. అదే 48 లక్షల్లో కూతురికి సగం, 24. భార్యకి 6, తల్లికి 8. మిగిలిన 10 లక్షలు తమ్ముడికి. ఒక్క కూతురే ఉన్న తండ్రులు ఈ విషయం ముందే తెలుసుకోవాలి. ఆ 10 లక్షల మీద తమ్ముడికి హక్కు ఉంది, అతను అన్యాయం చేస్తున్నట్టు కాదు. అలాగే ఆ కూతురి సగం మీద అతనికి ఏ హక్కూ లేదు.

ఇక కూతురి పెళ్లి ఖర్చు. తండ్రి పెళ్లికి పెట్టిన డబ్బు ఆమె వాటాకి బదులు కాదు. జహేజ్ ఇచ్చాం అన్నది వారసత్వంలో లెక్కకి రాదు.

భూమి, కాగితాలు

"ఇల్లు వరకూ సరే, పొలం మాత్రం ఆడపిల్లలకి ఉండదు" అని మన వైపు ఒక మాట గట్టిగా వినిపిస్తుంది. దానికి ఒక మూలం ఉంది. 1937 షరియత్ చట్టం వచ్చినప్పుడు వ్యవసాయ భూమిని అందులో నుంచి మినహాయించారు. కొన్ని రాష్ట్రాల్లో ఆ చిక్కు చాలాకాలం ఉండిపోయింది. కానీ అప్పటి అనంతపురం జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది, మద్రాసు శాసనసభ 1949లోనే ఆ మినహాయింపుని తీసేసింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మనం ఆ సవరణతోనే వచ్చాం. కాబట్టి ముదిగుబ్బ వేరుశెనగ పొలంలో కూతురికి, భార్యకి, తల్లికి ఇంట్లో ఎంత హక్కో అంతే హక్కు. అదే చట్టం, దీనికి విరుద్ధమైన ఆచారం చెల్లదని కూడా చెప్తుంది. దూదేకుల ఇళ్లలో, ఇంకొన్ని ఇళ్లలో "మా ఆనవాయితీ వేరే" అనే మాటకి ఈ విషయంలో బలం లేదు.

మన ఉదాహరణలో అప్పులు, వసియ్యత్ కలిపి 6 లక్షలు చేతిలో ఉన్న 8 లక్షల్లో నుంచే తీరిపోయాయి. కాబట్టి 5 ఎకరాలూ అలాగే ఉన్నాయి. 500 సెంట్లలో కూతురి వాటా దాదాపు 71 సెంట్లు, భార్యది 62న్నర, తల్లిది 83 చిల్లర, ఒక్కో కొడుకుది 141 చిల్లర. భూమి ముక్కలు చెయ్యకూడదనుకుంటే కొడుకులు ఆ సెంట్లకి డబ్బు లెక్కకట్టి ఇవ్వొచ్చు. ధర ఇరువైపులా ఒప్పుకున్నది అయ్యుండాలి, అంతే.

కాగితాల దగ్గర జాగ్రత్తపడాల్సింది రెండు. మీసేవలో తీసుకునే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఎవరెవరు ఉన్నారో మాత్రమే చెప్తుంది, ఎవరికి ఎంతో చెప్పదు. అందులో రెండో భార్య పేరు, తల్లి పేరు ఉన్నాయో లేదో చూసుకోండి, చాలా గొడవలు ఆ లిస్టులో పేరు పడకపోవడంతోనే మొదలవుతాయి. రెండోది, 1-బి లోనూ పట్టాదారు పాసుపుస్తకంలోనూ పెద్ద కొడుకు పేరు ఎక్కినంత మాత్రాన భూమి అంతా అతనిది అయిపోదు. రెవెన్యూ రికార్డు మిగతావాళ్ల వాటాని తీసెయ్యదు. తండ్రి చనిపోయిన క్షణం నుంచే ఒక్కొక్కరి వాటా వాళ్లది. పెద్ద కొడుకు అమ్మితే తన 141 సెంట్లే అమ్మగలడు. కానీ ఎవరైనా మొత్తం కొనేసి కంచె వేసుకున్నాక తిరిగి రాబట్టుకోవాలంటే ఏళ్లు పడుతుంది. అందుకే పేరు ఎక్కించే దరఖాస్తు పెట్టిన రోజే అందరి పేర్లూ ఇవ్వాలి.

ఇప్పుడు పెద్దలు చెప్పిన నాలుగు మాటలకి తిరిగి వద్దాం. తలాఖ్ అయిపోయిందన్నది తప్పు. ఇల్లు వదిలింది కాబట్టి హక్కు లేదన్నది తప్పు. కూతురికి పెళ్లి చేశాం కాబట్టి వాటా లేదన్నది తప్పు. మనవడికి వాటా లేదన్నది నిజం, కానీ తాత ఆ లోటుని ముందే చూసి వసియ్యత్ రాశాడు. పెద్దల లెక్కలో కదిరిలో ఉన్న ఆమెకి సున్నా. అసలు లెక్కలో మహర్ లక్ష, వాటా 6 లక్షలు, మొత్తం 7 లక్షలు. ముసలి తల్లికి సున్నా బదులు 8 లక్షలు. తేడా అంతా రెండు ప్రశ్నలు ముందు అడగడంలో ఉంది: ఆమె ఆ రోజుకి భార్యేనా, ఆయన ఎవరికి ఎంత బాకీ?

మీ ఇంట్లో ఇలాంటి లెక్క వేసుకోవాల్సి వస్తే ముందు ఒక కాగితం మీద మూడు లైన్లు రాసుకోండి. చనిపోయిన తేదీ. ఆ రోజుకి బతికున్న భార్య, తల్లి, తండ్రి, కొడుకులు, కూతుళ్లు. నికాహ్‌నామాలో మహర్ మొత్తం, అందులో ఇచ్చింది ఎంత. ఈ కాగితం, నికాహ్‌నామా నకలు తీసుకుని ముందు ఆలిమ్ దగ్గరకి, తర్వాత వకీలు దగ్గరకి వెళ్లండి. ఇద్దరు చెప్పిందీ ఎక్కడైనా కలవకపోతే, అది సాధారణంగా తలాఖ్ పద్ధతి దగ్గరే అయ్యుంటుంది, ఆ ఒక్క చోట మళ్లీ అడిగి తేల్చుకోండి.

తర్వాతి పాఠంలో ఇన్షా అల్లాహ్, బతికుండగా పిల్లలకి ఇచ్చే హిబా గురించి, స్వాధీనం ఇవ్వకపోతే అది ఎందుకు నిలబడదో చూద్దాం. అల్లాహ్ మన ఇళ్లలో ఎవరి హక్కు వాళ్లకి చేరేలా చెయ్యాలి. ఆమీన్.